కుక్కర్ రబ్బరు నెలకే వదులైంది, కొత్తది వేసినా ఒక పక్క నుంచి ఆవిరి పోతోంది

చెరువుగట్టు (హన్మకొండ)
మాది 5 లీటర్ల అల్యూమినియం కుక్కర్. మూత బయటి నుంచి పెట్టి తిప్పి బిగించే రకం. కొని చాలా ఏళ్లయింది. పాత రబ్బరు సాగిపోయి, మూత తిరగేస్తే ఊడి కింద పడుతోందని దసరాకు ముందు చౌరస్తాలో కొత్తది తెచ్చాను. నెల తిరిగేసరికి అదీ వదులైంది. అన్నం పెడితే విజిల్ రాకముందే కుడి పక్క నుంచి చుయ్‌మని ఆవిరి, వెంటనే గంజి. పప్పు పెడితే స్టవ్ మీద పసుపు మరకలు. ఇక లాభం లేదని వేరే షాపులో ఇంకొకటి తెచ్చాను. ఇది బిగుతుగానే కూర్చుంది కానీ ఆవిరి మళ్లీ కుడి పక్క నుంచే. "ఇప్పుడన్నీ నకిలీ రబ్బర్లే వస్తున్నయి" అంటున్నారు మా అత్తమ్మ. రబ్బరు ఇంత తొందరగా ఎందుకు వదులవుతుంది? ఎన్నాళ్లకు మార్చాలి?

మక్కగుడాలు (జనగామ)
అక్కా, దీనికి టెన్షన్ ఎందుకు. రబ్బరు తీసి అరగంట డీప్ ఫ్రీజర్‌లో పెట్టి వెంటనే వేసి చూడండి, టక్కున విజిల్ వస్తుంది. మా ఇంట్లో ఏళ్లుగా ఇదే పద్ధతి. అప్పటికీ కాకపోతే రబ్బరు తిరగేసి వేయండి. మరీ అర్జెంటు అయితే మూత చుట్టూ గోధుమపిండి ముద్ద పెట్టేస్తే చుక్క ఆవిరి కూడా పోదు, బిర్యానీకి దమ్ము పెట్టినట్టే.

నర్సంపేట హాస్టల్
గ్యాస్ లీకేజీని తేలిగ్గా తీసుకోకండి మేడం. సిలిండర్ మూతి లోపల రబ్బరు వాషర్ ఉంటుంది, అది పగిలితే రెగ్యులేటర్ పెట్టగానే వాసన వస్తుంది. ముందు రెగ్యులేటర్ ఆపేసి కిటికీలు తెరిచి డీలర్‌కు ఫోన్ చేయండి.

చెరువుగట్టు
గ్యాస్ కాదండీ, గ్యాస్కెట్. కుక్కర్ మూత రబ్బరు. జాగ్రత్త చెప్పినందుకు థాంక్స్.

గిన్నెలన్న (వరంగల్)
నాది కుక్కర్ల రిపేర్ షాపు. రోజూ నా దగ్గరికి వచ్చే కుక్కర్లలో ఎక్కువ ఇవే. ముందు పిండి ముద్ద సంగతి చెప్తా, ఎందుకంటే అది ప్రమాదం. బయటి మూత కుక్కర్లు చాలావాటికి మూత అంచులో ఒకచోట చిన్న కిటికీ లాంటి సందు ఉంటుంది. అది డిజైన్ కోసం పెట్టింది కాదు. విజిల్ గొట్టంలో పప్పు పొట్టు అడ్డం పడి లోపల ప్రెషర్ హద్దు దాటితే, రబ్బరు ఆ సందులో నుంచి బయటికి ఉబ్బి ఆవిరిని పక్కకు వదిలేస్తుంది. దాన్ని పిండితో మూస్తే ఆవిరికి ఉన్న ఒక దారిని మనమే మూసినట్టు. దమ్ము గిన్నెకు ప్రెషర్ ఉండదు కాబట్టి అక్కడ పిండి నడుస్తుంది, కుక్కర్‌కు నడవదు. మూత మీద రాయి పెట్టడం, తడిగుడ్డ చుట్టడం కూడా అంతే.

అక్కా, రెండు సంగతులు చెప్పండి. మొదటి రబ్బరు కొనేటప్పుడు షాపుకు ఏం తీసుకపోయిన్రు, పాత రబ్బరా, మూతనా? రెండోది, ఆ కుడి పక్క అంటున్నది ప్రతిసారీ సరిగ్గా అదే జాగానా, అటూ ఇటూ మారుతోందా?

చెరువుగట్టు
పాత రబ్బరే తీసుకెళ్లాను అన్నా. షాపతను దాని మీద కొత్తవి పెట్టి చూసి సరిపోయినదే ఇచ్చాడు. రెండో షాపులో పాతది చూపించలేదు, కుక్కర్ కంపెనీ, మోడల్ పేరు చెప్పి తెచ్చాను. జాగా మాత్రం మారడం లేదు. పొడుగు పిడి నా వైపు ఉంటే కుడిచేతి పక్క, ఎప్పుడూ అక్కడే.

గిన్నెలన్న
మొదటి దాని కథ తెలిసిపోయింది. పాత రబ్బరు ఎందుకు మార్చిన్రు? సాగిందని. సాగిన దానితో కొలిచి కొన్నరు, అంటే కొత్తది కూడా ఆ సాగిన కొలతకే వచ్చింది. షాపతని తప్పు కూడా కాదు, మీరు చూపించిందే ఇచ్చాడు. అందుకే నేను అందరికీ మూతే పట్టుకరమ్మని చెప్తా. మూత అంచు కింద రబ్బరు పెడితే ఎక్కడా ముడత పడకూడదు, లాగి ఎక్కించాల్సిన అవసరమూ రాకూడదు. పెద్ద సైజు రబ్బరు ఎట్లో అట్ల ఇమిడిపోతుంది కానీ ఒకచోట అల లాగా లేస్తుంది, ఆవిరి అక్కడే దారి చేసుకుంటుంది. ఇంకోటి, "5 లీటర్ల రబ్బరు ఇవ్వండి" అని అడగొద్దు. ఒకే మోడల్‌లో 3 లీటర్లకు, 5 లీటర్లకు మూత ఒకటే ఉండొచ్చు, గిన్నె ఎత్తే తేడా. అట్లనే రెండు కంపెనీల 5 లీటర్ల కుక్కర్లకు రబ్బర్లు వేరుగా ఉండొచ్చు.

ఇక రెండో రబ్బరు సైజు సరైనదే అయి, అదే జాగాలో పోతోందంటే అనుమానం రబ్బరు మీద కాదు. ఒక పరీక్ష చేయండి. రబ్బరు మీద ఒకచోట పెన్నుతో గీత పెట్టి, ఆ గీత ఆవిరి పోయే జాగాకు వచ్చేట్టు మూతలో అమర్చండి. గిన్నెలో బియ్యం, పప్పు ఏమీ వద్దు, రెండు మూడు గ్లాసుల నీళ్లు చాలు. పెద్ద మంట మీద పెట్టి చూడండి. తర్వాత కుక్కర్ పూర్తిగా చల్లారనిచ్చి, రబ్బరు సగం చుట్టు తిప్పి, గీత ఎదురు పక్కకు వచ్చేట్టు వేసి మళ్లీ పెట్టండి. లీకు గీతతో పాటు ఎదురు పక్కకు పోతే రబ్బరు చెడ్డది. లీకు పాత జాగాలోనే ఉంటే రబ్బరు మంచిది, గిన్నె అంచో మూతో చెడింది.

మక్కగుడాలు
మరి ఫ్రీజర్‌లో పెడితే ఎందుకు పనిచేస్తోంది మరి? నేను కళ్లారా చూస్తున్నా కదా.

కాజీపేట క్వార్టర్స్
రైల్వే డీజిల్ షెడ్‌లో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి, సీళ్లు, వాషర్లతోనే సర్వీసంతా గడిచింది. తమ్ముడూ, నువ్వు చూసింది నిజమే. చల్లబడితే రబ్బరు కొంచెం కుంచించుకుంటుంది, బిర్రుగా అవుతుంది. మూతకు గట్టిగా పట్టుకుని మొదటి ఆవిరి పోకుండా ఆపుతుంది. ఒకసారి ప్రెషర్ పట్టిందంటే లోపలి ఆవిరే దాన్ని నొక్కి పట్టుకుంటుంది కాబట్టి ఆ పూటకు వంట అయిపోతుంది. కానీ పోయిన సాగుడు గుణం తిరిగి రాదు. కుక్కర్ లోపల ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు దాదాపు 1 కిలో, వేడి 120 డిగ్రీల దగ్గర. ఫ్రీజర్ చల్లదనం అక్కడ ఎంతసేపు నిలుస్తుంది? రోజూ ఫ్రీజర్‌లో పెట్టాల్సి వస్తోందంటే మార్చాల్సిన టైం వచ్చిందని అర్థం.

ఆ "ఆవిరే నొక్కుతుంది" అన్న మాట వివరంగా చెప్తాను, ఎందుకంటే వదులవడం అంతా అందులోనే ఉంది. బయటి మూత రబ్బరును కోసి చూస్తే లోపలి వైపు తెరిచిన పెదవి లాంటి అంచు కనిపిస్తుంది. ఆవిరి ఆ పెదవి వెనకకు దూరి దాన్ని గిన్నె అంచుకు అదుముతుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. అందుకే పొయ్యి మీద పెట్టిన మొదట్లో కాస్త ఆవిరి పక్కల నుంచి పోయి, తర్వాత దానంతటదే ఆగిపోతే అది లీకు కింద లెక్క కాదు. రబ్బరు పాతబడితే రెండు జరుగుతాయి. వేడికి గట్టిపడి, పెదవి కదలడం మానేస్తుంది. నొక్కి నొక్కి ఉండటం వల్ల అదే ఆకారంలో చదునుగా ఉండిపోతుంది. అప్పుడు ఆవిరి దాని వెనక దూరి నొక్కే బదులు పక్క నుంచి జారిపోతుంది.

ఇందులో మంట పాత్ర కూడా ఉంది. సన్న మంట మీద మొదలుపెడితే పుట్టే ఆవిరి కొంచెం, పోయే ఆవిరి కూడా అంతే, ప్రెషర్ ఎప్పటికీ పట్టదు. రబ్బరు చెడిందని చాలామంది అనుకునేది ఇక్కడే. మొదట పెద్ద మంట పెట్టి, విజిల్ వచ్చాక తగ్గించండి. అయితే మంట గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగబాకకూడదు, ఎగబాకితే అంచు దగ్గర రబ్బరు మాడిపోతుంది.

బగారా (హన్మకొండ)
నాది లోపలి మూత రకం, హాకిన్స్ 3 లీటర్లది. రూమ్‌లో నలుగురం బ్యాచిలర్లం, ఆదివారం మటన్ తప్పదు. నా రబ్బరు గట్టిపడలేదు, ఉల్టా మెత్తగా, జిడ్డుగా అయి ఉబ్బినట్టుంది. మూత లోపలికి దించేటప్పుడే జారిపోతోంది. ఫ్రీజర్ ఐడియా ఇందాకే ట్రై చేశా, మూత పెట్టేలోపే మళ్లీ జారింది. ఇదేం కథ?

కాజీపేట క్వార్టర్స్
అది కొవ్వు పని. రబ్బరు నూనె, కొవ్వు పీల్చుకుంటే ఉబ్బుతుంది, చుట్టుకొలత పెరుగుతుంది, పట్టు పోతుంది. మటన్ వండాక నీళ్లతో కడిగి వదిలేయకుండా, రబ్బరు మూత నుంచి తీసి సబ్బుతో కడిగి, తుడిచి నీడలో ఆరనివ్వాలి. ఒకసారి ఉబ్బింది మళ్లీ పాత సైజుకు రాదు, కాబట్టి నీది మార్చడమే. లోపలి మూత రకంలో ఆవిరి మూతను కింది నుంచి పైకి, గిన్నె అంచు కిందికి నొక్కుతుంది. రబ్బరు ఆ మధ్యలో నలుగుతుంది. జారుతున్న రబ్బరు వంకరగా నలిగితే ఒక పక్క సందు మిగులుతుంది.

గిన్నెలన్న
సార్ చెప్పింది కరెక్ట్. ఇంకో మాట. వంటయ్యాక చాలా ఇళ్లల్ల మూత బిగించే కుక్కర్‌ను అల్మారలో పెడతరు, తెల్లారేదాకా రబ్బరు నొక్కుకునే ఉంటది. మూత తిరగేసి గిన్నె మీద ఊరికే బోర్లిస్తే రబ్బరుకు విశ్రాంతి. తిరగేసి వేయడం గురించి మక్కగుడాలు తమ్ముడు అన్నడు కదా, రబ్బరు రెండు పక్కలా ఒకే తీరుగా ఉంటే కొన్నాళ్లు పనికొస్తుంది. పెదవి ఉన్నదాన్ని తిరగేస్తే ఆవిరి దూరే దిక్కే మారిపోతుంది, ఇంకా ఎక్కువ కారుతుంది.

చెరువుగట్టు
పరీక్ష చేశాను. నీళ్లు మాత్రమే పోసి పెట్టాను. గీత ఆవిరి పోయే చోట ఉన్నప్పుడూ అక్కడే పోయింది, సగం తిప్పి వేశాక కూడా అక్కడే. అంటే రబ్బరు కాదన్నమాట. మూతా గిన్నా అన్నది ఎలా తెలుస్తుంది? పొరుగింట్లో ఇదే కంపెనీ కుక్కర్ ఉంది కానీ వాళ్లది వేరే మోడల్.

గిన్నెలన్న
వేరే మోడల్ మూత పెట్టి ప్రయోగం చేయొద్దు, మూతను గిన్నెకు పట్టి ఉంచే పళ్లు సరిగ్గా కూర్చోవు. గిన్నె కడిగి, తుడిచి, గ్రానైట్ గట్టు మీద బోర్లించండి. గట్టు చదునుగా ఉన్న జాగా చూసుకోండి. ఆవిరి పోయే పక్కకు వచ్చి, కళ్లు గట్టు ఎత్తుకు తెచ్చి, వెనక నుంచి ఫోన్ లైట్ వేయండి. గిన్నె అంచు కింద వెలుతురు కనబడితే అక్కడ అంచు లోపలికి దిగినట్టు. కనబడకపోతే వేలు పెట్టి అంచు చుట్టూ మెల్లగా రాయండి, నొక్కు తగులుతుంది. చాలా ఇళ్లల్ల పప్పు కలిపినంక గరిటెకు అంటింది రాలడానికి గిన్నె అంచు మీద టక్ టక్ కొడతరు. స్టీలు గరిటె, అల్యూమినియం అంచు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లది ఎప్పుడూ ఒకటే జాగాలో పడుతుంది.

మూత సంగతి చూడాలంటే దాని పిడి స్క్రూలు వదులుగా ఉన్నాయేమో కదిపి చూడండి. అంచు లోపలి పళ్లు అరిగినయా, గిన్నె పళ్ల కింద ఎక్కువ ఆటగా ఊగుతున్నయా చూడండి.

కాజీపేట క్వార్టర్స్
ఆ పళ్లను తేలిగ్గా తీసుకోవద్దు. 20 సెంటీమీటర్ల వెడల్పు మూత అనుకుందాం. దాని వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 1 కిలో చొప్పున పూర్తి ప్రెషర్‌లో మూతను పైకి నెట్టే బలం 314 కిలోలు, అంటే మూడు క్వింటాళ్ల పైమాట. ఎనుమాముల మార్కెట్‌లో మూడు క్వింటాళ్ల పత్తి కింది నుంచి నెడుతున్నట్టు. దాన్నంతా పట్టుకుని ఉండేది ఆ నాలుగు పళ్లే. అరిగిన మూతకు బిగుతు రబ్బరు వేసి నడిపిస్తే లీకు ఆగుతుంది, బలహీనత అట్లాగే ఉంటుంది.

చెరువుగట్టు
దొరికింది! కుడి పక్క అంగుళంన్నర మేర వెలుతురు వస్తోంది. వేలికి కూడా రెండు మూడు చిన్న నొక్కులు తగిలాయి. మూత పిడి గట్టిగానే ఉంది, ఊగడం లేదు. గరిటె సంగతి చదివి వినిపిస్తే మా అత్తమ్మ నవ్వుతున్నారు కానీ ఒప్పుకోవడం లేదు. నాకొక డౌటు. తప్పు గిన్నెది అయితే మొదటి రబ్బరు నెలకే ఎందుకు వదులైంది?

గిన్నెలన్న
దానికి రెండు దెబ్బలు. సైజు పెద్దది, పైగా కింద నొక్కు. ఆవిరి ఒకటే జాగా నుంచి పోతూ ఉంటే ఆ ముక్క మీదుగా వేడి ఆవిరి, గంజి రోజూ జారుతుంది. విజిల్ రావట్లేదని మనం మంట పెంచుతం, ఎక్కువసేపు ఉంచుతం, నీళ్లు తగ్గిపోతయి, మూత ఇంకా కాలుతుంది. అంటే మీ ఇంట్ల రబ్బరు వదులై ఆవిరి పోవట్లేదు, ఆవిరి పోయి పోయి రబ్బరు వదులైంది. చాలామంది దీన్ని ఉల్టా అనుకుని రబ్బర్ల మీద రబ్బర్లు కొంటరు. మీరు ఇప్పుడున్న కొత్తది పారేయకండి, అది మంచిదే.

గిన్నె తెస్తే గుండ్రటి దిమ్మె మీద పెట్టి చెక్క సుత్తితో అంచు సరిచేసి ఇస్తా. ఇంట్లో ఇనుప సుత్తితో కొట్టొద్దు, ఒక నొక్కు పోయి రెండు పడతయి. ఆకురాయితో అరగదీయడం అసలే వద్దు.

కాజీపేట క్వార్టర్స్
ఇక్కడ నేను కొంచెం అడ్డు చెప్తాను. అల్యూమినియం ఒకసారి వంగి, మళ్లీ కొట్టి సరిచేస్తే ఆ చోట గట్టిపడి పెళుసుబారుతుంది. అంచు మీద వెంట్రుక పగులు ఉంటే కంటికి ఆనదు. మా షెడ్‌లో పాత పద్ధతి ఒకటుంది. అనుమానం ఉన్నచోట ఒక వైపు సుద్ద పూసి ఆరనిచ్చి, రెండో వైపు కిరోసిన్ రాయాలి. పగులు ఆర్‌పార్ ఉంటే సుద్ద మీద సన్నటి తడి గీత తేలుతుంది. గీత వస్తే ఆ గిన్నెను మామూలు గిన్నెగా వాడుకోండి, కుక్కర్‌గా వద్దు. నా మట్టుకు నేనైతే గీత రాకపోయినా కొత్తదే కొంటాను. వెనక ఐఎస్ 2347 నంబరుతో ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూసి తీసుకోండి.

గిన్నెలన్న
సార్, ప్రతి నొక్కుకూ కొత్త కుక్కర్ కొనమంటే మన దగ్గర ఎంతమంది కొంటరు? అంగుళంన్నర నొక్కు సరిచేసినవి ఏళ్ల తరబడి నడుస్తున్నయి. పగులుంటే మాత్రం నేను కూడా ముట్టుకోను, పైసలు తీసుకోకుండనే వాపస్ పంపిస్తా. కిరోసిన్ ఇప్పుడు దొరకడమే కష్టం గానీ పరీక్ష మంచిదే.

మక్కగుడాలు
సరే ఒప్పుకున్నా, ఫ్రీజర్ తాత్కాలికం. మరి రబ్బరు మార్చాలా వద్దా అని మామూలు మనిషికి ఎట్లా తెలుస్తుంది? సంవత్సరానికి ఒకటి అని లెక్క పెట్టుకోవాలా?

గిన్నెలన్న
రోజూ రెండు పూటలా వాడే ఇంట్లో ఏడాది దాటితే ఒక కన్నేసి ఉంచాలి, అంతే. క్యాలెండర్ కంటే రబ్బరే చెప్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఒకచోట రెండు వేళ్లతో మడవండి. మడత పై భాగంలో సన్నటి పగుళ్లు విచ్చుకుంటే మార్చండి. మడిచి వదిలితే మళ్లీ గుండ్రంగా రాకుండా వంగే ఉంటే మార్చండి. మూత తిరగేస్తే ఊడి పడినా, గోరుతో నొక్కితే ప్లాస్టిక్‌లా టక్‌మన్నా అంతే. ఇందాక చెప్పిన మూత అంచు సందు ఉంది కదా, సరిగ్గా ఆ జాగాలో రబ్బరు చీలి ఉంటే రబ్బరు ఒక్కటి మార్చి ఊరుకోవద్దు. ఎప్పుడో ప్రెషర్ ఎక్కువై అటు ఉబ్బిందన్నమాట. విజిల్ గొట్టం వెలుతురుకు పెట్టి చూసి, పుల్లతో శుభ్రం చేయండి. కందిపప్పు, నీళ్లు కలిపి గిన్నె సగానికి మించి పోయకండి, నురగ లేచి ఆ గొట్టంలో చేరుతుంది.

ఆవిరి మూత మధ్యలో, సేఫ్టీ వాల్వ్ చుట్టూ పోతుంటే దానికి రబ్బరుతో సంబంధమే లేదు. దానికి వాల్వ్ మార్చాలి.

బగారా
తెల్ల సిలికాన్ రబ్బరు ఎక్కువ రోజులు వస్తుందని ఆన్‌లైన్‌లో చూశా. మటన్ కుక్కర్‌కు అదే వేయమంటారా?

కాజీపేట క్వార్టర్స్
వేడికి సిలికాన్ గట్టిది, గట్టిపడటం ఆలస్యం. కానీ నూనెకు నల్ల నైట్రైల్ రబ్బరే మేలు. నీ ప్రాబ్లం వేడి కాదు, కొవ్వు. కాబట్టి నల్లదే వేయి. ఏదైనా సరే, నీ మూత మోడల్‌కు కంపెనీ ఇచ్చినదే తీసుకో.

గిన్నెలన్న
నా అనుభవం వేరు. తెల్లవి వేసినవాళ్లు తొందరగా వాపస్ వస్తలేరు. కొవ్వు అనుకుంటే మటన్ వండే ఇళ్లల్ల కూడా. అయితే వాళ్లు తీసి కడిగేవాళ్లేమో, అది నాకు తెల్వదు.

చెరువుగట్టు
అప్‌డేట్. నిన్న గిన్నె తీసుకెళ్లి అంచు సరిచేయించాను. సుద్ద పరీక్ష కూడా చేశాం, గీత రాలేదు. ఇవాళ అదే రబ్బరుతో అన్నం పెడితే ఎప్పటిలాగే టైంకు విజిల్ వచ్చింది, స్టవ్ పొడిగానే ఉంది. పప్పుకు మాత్రం మొదట్లో కుడి పక్క రెండు చుక్కలు తడి కనిపించి, ప్రెషర్ పట్టగానే ఆగింది. ఇది మామూలేనా, మళ్లీ షాపుకు తేవాలా అన్నా?

గిన్నెలన్న
ఆగిపోయింది కాబట్టి వారం చూడండి. చుక్కలు ధారయితే పట్టుకరండి. గ్రానైట్ మీద బోర్లించి లైట్ వేసి మళ్లీ ఒకసారి చూసుకోండి, వెలుతురు రాకపోతే సరిపోయినట్టే.

నర్సంపేట హాస్టల్
మా మెస్‌లో 22 లీటర్ల కుక్కర్ ఉంది, రెండు పక్కల నుంచి పోతుంది. దానికీ ఇదే పరీక్షనా? అంత పెద్దది బోర్లించాలంటే ఇద్దరు మనుషులు కావాలి.